కిరాయి అగ్రిమెంట్: ఉంది, లేదు, అస్పష్టం

నిజాంపేటలో మేం చూసుకున్న డబుల్ బెడ్రూం ఫ్లాట్‌కు కిరాయి నెలకు 22,000, అడ్వాన్స్ మూడు నెలలది, అంటే 66,000. మాటలు కుదిరాక ఓనర్ అంకుల్ అగ్రిమెంట్ డ్రాఫ్ట్‌ను వాట్సాప్‌లో పంపారు. "చదువుకో అమ్మా, అంతా మామూలే. నువ్వు ఓకే అంటే స్టాంపు పేపర్ మీద ప్రింట్ తీయిస్తా" అన్నారు. ఆయన మర్యాదస్తుడే. కానీ పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు పెయింటింగ్ కింద ఎంత పట్టుకోవాలన్న దాని మీద మాకు పెద్ద గొడవే అయింది. అగ్రిమెంట్ తెరిచి చూస్తే ఆ ఓనర్ వాదనకూ, మా వాదనకూ అందులో చోటుంది. అందుకే ఈసారి సంతకానికి ముందే ఒక్కో షరతునూ తేల్చుకోవాలనుకున్నాం.

మా చిన్నాన్న చాలా ఏళ్లు సివిల్ కేసులు చూసిన వకీలు. డ్రాఫ్ట్ పంపిస్తే ఆయన దాన్ని చూడనే లేదు. "ముందు అది మూసెయ్యి బిడ్డా. ఒక కిరాయి కాగితంలో నీకు ఏమేం తెలియాలో తెల్ల కాగితం మీద రాసుకో. తర్వాతే అది తెరువు" అన్నారు. ఎందుకో మొదట నాకు అర్థం కాలేదు, రాయడం మొదలుపెట్టాక తెలిసింది. అగ్రిమెంట్ ముందు పెట్టుకుని చదివితే అందులో ఉన్నవే కళ్లకు కనిపిస్తాయి. ప్రతి వాక్యం సరిగ్గా ఉందా అని చూస్తాం కానీ, రాయని వాక్యం ఏదో చూడలేం. జాబితా ముందు పుట్టాలి, కాగితం తర్వాత రావాలి. ఇళ్ల కిరాయికి ఫలానా షరతులన్నీ ఉండి తీరాలని చట్టంలో ఒక రెడీమేడ్ పట్టిక దొరకదు. కాబట్టి "ఉండాల్సినవి" అంటే మన అవసరాన్ని బట్టి మనం రాసుకున్నవే.

నేను మొదట రాసుకున్నవి మాటల రూపంలో ఉన్నాయి: కాలపరిమితి, కిరాయి, అడ్వాన్స్, నోటీసు, మెయింటెనెన్స్, రిపేర్లు, పెయింటింగ్, అలా. చిన్నాన్న వాటిని ప్రశ్నలుగా మార్చమన్నారు. "అడ్వాన్స్ క్లాజు ఉందా అంటే ప్రతి అగ్రిమెంట్లో ఉంటది. దానితో నీకేం తెలుస్తది?" అన్నారు. నిజమే. అడ్వాన్స్ ఎంత, వడ్డీ ఉందా, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, అందులోంచి ఏమేం పట్టుకోవచ్చు, ఆ లెక్క ఎవరు వేస్తారు అన్నవి వేర్వేరు ప్రశ్నలు. ఒకే పేరాలో మొదటి రెండింటికి జవాబు ఉండి, మిగతా వాటికి లేకపోవచ్చు. పేరా మొత్తానికి ఒకే మార్కు వేస్తే ఆ తేడా కనిపించదు.

ఇక మార్కులు మూడే: ఉంది, లేదు, అస్పష్టం. వినడానికి తేలికే, వేయడానికే కష్టం. ఆయన చెప్పిన కొలత ఇది. జవాబు చెప్పే వాక్యం మీద వేలు పెట్టగలగాలి. ఆ వాక్యాన్ని ఓనర్ తరఫున ఒకరు, కిరాయిదారు తరఫున ఒకరు విడివిడిగా చదివినా అదే జవాబు రావాలి. కాగితంలో ఇంకెక్కడా దానికి అడ్డం వచ్చే వాక్యం ఉండకూడదు. ఈ మూడూ కుదిరితేనే "ఉంది". వేలు పెట్టడానికి వాక్యమే దొరక్కపోతే "లేదు". వాక్యం దొరికింది కానీ రెండు రకాల జవాబులు వస్తున్నాయంటే "అస్పష్టం". ఉంది అన్నా, అస్పష్టం అన్నా మార్కు పక్కన క్లాజు నంబరు, అసలు వాక్యం తప్పకుండా రాయాలి. ఆ రెండింటిలో వాక్యం రాయకుండా వేసిన మార్కు లెక్కలోకి రాదు.

డ్రాఫ్ట్ ఐదు పేజీలు, ఇంగ్లీషులో ఉంది. అందులోని వాక్యాలను ఇక్కడ తెలుగులో చెబుతున్నాను. కాలపరిమితి దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. "1 జూన్ 2025 నుంచి 11 నెలలు, 31 మే 2026 వరకు" అని ఉంది. జూన్ ఒకటి నుంచి పదకొండు నెలలంటే ఏప్రిల్ 30తో అయిపోవాలి. మే 31 అంటే పన్నెండు నెలలు. ఏదో పాత ఫైల్‌లో తేదీలు మార్చి టైప్ చేసినట్టున్నారు. అంతా పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో తెలిసిందే: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఏడాది మించిన లీజును రిజిస్టర్ చేయించాలి, ఆ ఖర్చు, తిరుగుడు వద్దని. ఇక్కడ నాకు కావాల్సింది మాత్రం ఒక్కటే, చివరి రోజు ఏది? ఆ వాక్యం రెండు తేదీలు చెబుతోంది. మార్కు అస్పష్టం. "అచ్చుతప్పే కదా, ఉంది అని వేసేద్దాం" అన్నారు మా ఆయన. కానీ కిరాయి పెరిగేది ఆ తేదీ దాటాకే కాబట్టి, తప్పు చిన్నదైనా నెల కిరాయి మీద పడుతుంది.

కిరాయి పెంపు ఇంకా స్పష్టంగా అస్పష్టం. "గడువు తర్వాత ఇరువురి అంగీకారంతో 5 నుంచి 10 శాతం పెంచబడును" అని రాశారు. ఐదు శాతమైతే 23,100. పది శాతమైతే 24,200. నెలకు 1,100 తేడా, ఏడాదికి 13,200. పైగా ఇరువురి అంగీకారం అని ఉంది కాబట్టి, అంగీకారం కుదరకపోతే ఏమిటన్న ప్రశ్నకు జవాబే లేదు. శాతం గుర్తు కనబడగానే ఉంది అని మార్కు వేయాలనిపిస్తుంది. అంకె ఉన్నంత మాత్రాన జవాబు ఉన్నట్టు కాదు.

కిరాయి ఎంత, ఏ తేదీలోపు, ఏ ఖాతాకు అన్నవి బాగా రాశారు. ఇల్లు మరొకరికి కిరాయికి ఇవ్వకూడదన్నదీ అంతే. కరెంటు బిల్లు కిరాయిదారే కట్టాలని ఉంది, సర్వీస్ నంబరు కూడా వేశారు. ఇవన్నీ ఉంది. ఓనర్ పాన్ నంబరు లేదు. ఏడాది కిరాయి లక్ష దాటితే హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం మా ఆయన ఆఫీసులో అది అడుగుతారు కాబట్టి మా జాబితాలో పెట్టుకున్నాం. మీకు ఆ అవసరం లేకపోతే ఈ ప్రశ్నే అక్కర్లేదు.

నోటీసు దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాం. ఆరో క్లాజులో "ఏ పక్షమైనా రెండు నెలల నోటీసుతో ఈ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు" అని ఉంది. చక్కని వాక్యం, వేలు పెట్టొచ్చు, ఎవరు చదివినా రెండు నెలలే. నేను ఉంది అని రాసేశాక చిన్నాన్న రెండో క్లాజు మళ్లీ చదవమన్నారు. అందులో కాలపరిమితి వాక్యం చివర, "గడువు పూర్తి కాకముందు కిరాయిదారు ఖాళీ చేసిన యెడల అడ్వాన్స్ జప్తు అగును" అని ఒక తోక ఉంది. అంటే ఆరో క్లాజు ప్రకారం నోటీసు ఇచ్చి ఆరో నెలలో వెళ్లిపోవచ్చు, రెండో క్లాజు ప్రకారం అలా వెళితే 66,000 పోతాయి. నోటీసు ఇచ్చి వెళ్లినవాళ్లకు జప్తు వర్తిస్తుందా, ఇవ్వకుండా వెళ్లినవాళ్లకేనా అన్నది ఎక్కడా లేదు. అదీ కాక ఆ తోక కిరాయిదారుకే తగిలించారు, ఓనర్ మధ్యలో ఖాళీ చేయమంటే ఏమిటో లేదు. విడివిడిగా చూస్తే రెండూ ఉంది అనిపించే వాక్యాలు, పక్కపక్కన పెడితే రెండూ అస్పష్టం. అందుకే ఒక్కో క్లాజుకు మార్కు వేసుకుంటూ పోయి అక్కడితో ఆపకూడదు. డబ్బు గురించి, ఖాళీ చేయడం గురించి ఎక్కడెక్కడ మాట ఉందో అన్నీ ఒకచోట రాసుకుని మళ్లీ చదవాలి.

"ఒకవేళ నోటీసు క్లాజే లేకపోతే చట్టం ప్రకారం పదిహేను రోజులు కదా" అని అడిగాను. ఎక్కడో విన్న మాట. ఆయన విడమరిచి చెప్పారు. ఆస్తి బదిలీ చట్టం, అంటే 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 106లో ఉన్న పదిహేను రోజుల నోటీసు నెలవారీ కిరాయిలకు. పదకొండు నెలలని గడువు పెట్టి రాసుకున్నాక, మధ్యలో తప్పుకునే షరతు అందులో లేకపోతే, ఆ గడువు మొత్తం ఇద్దరినీ కట్టేస్తుంది. గడువు దాటాక కూడా మనం ఉండి, ఓనర్ కిరాయి తీసుకుంటూ పోతే సెక్షన్ 116 ప్రకారం అది నెలవారీ కిరాయిగా నడుస్తుంది, అప్పుడు పదిహేను రోజుల లెక్క వస్తుంది. మా డ్రాఫ్ట్‌లో గడువు తర్వాత పొడిగింపు గురించి ఏమీ లేదు. కాబట్టి దానికి లేదు అని వేసి, పక్కన "పన్నెండో నెల నుంచి పదిహేను రోజుల నోటీసు చాలు, ఇద్దరికీ" అని రాసుకున్నాను. పిల్లల స్కూలు మధ్యలో పదిహేను రోజుల్లో ఇల్లు వెతుక్కోవడమంటే మాటలు కాదు. ఈ ఒక్క లేదు నాకు చాలా టెన్షన్ పెట్టింది.

అన్ని లేదులూ ఒకటి కావని అక్కడే తెలిసింది. కొన్ని చోట్ల కాగితం ఏమీ చెప్పకపోతే చట్టం ఏదో ఒకటి చెబుతుంది, అది మనకు నచ్చినా నచ్చకపోయినా. కొన్ని చోట్ల చట్టమూ మనకు పెద్దగా ఆసరా ఇవ్వదు. రిపేర్లు అలాంటివే. డ్రాఫ్ట్‌లో "చిన్న చిన్న రిపేర్లు కిరాయిదారు చేయించుకోవలెను" అని మాత్రమే ఉంది. చిన్న రిపేర్ అంటే ఎంత? ట్యాప్ వాషర్ చిన్నదే. గీజర్ కాయిల్? బాత్రూం స్లాబ్ నుంచి కింది ఫ్లాట్‌కు నీళ్లు కారితే? చిన్న రిపేర్లకు అస్పష్టం, పెద్ద రిపేర్లకు లేదు. అదే 1882 చట్టం సెక్షన్ 108లో ఓనర్ చేయాల్సిన రిపేర్ చెప్పినా చేయకపోతే కిరాయిదారు చేయించుకుని కిరాయిలో తగ్గించుకోవచ్చని ఉంది. వినగానే సంతోషం వేసింది. కానీ అది ఓనర్ చేయడానికి కట్టుబడి ఉన్న రిపేర్ల గురించి. ఏ రిపేర్లకు ఆయన కట్టుబడి ఉన్నారో కాగితంలో లేనప్పుడు, ఆ వెసులుబాటు పట్టుకుని మనం ఎక్కువ దూరం వెళ్లలేం.

మెయింటెనెన్స్ మీద ఇంట్లో వాదన జరిగింది. "అసోసియేషన్ నిర్ణయించిన నెలవారీ మెయింటెనెన్స్ కిరాయిదారు చెల్లించవలెను." అంకె లేదు కాబట్టి అస్పష్టం అన్నాను నేను. చిన్నాన్న ఒప్పుకోలేదు. అంకె కాగితంలో లేకపోయినా, అది ఎక్కడ తెలుస్తుందో కాగితం చెబుతోంది. అసోసియేషన్ రసీదు చూస్తే ఓనర్‌కైనా నాకైనా ఒకటే అంకె కనిపిస్తుంది. కాబట్టి నెలవారీ మెయింటెనెన్స్ ఉంది. కానీ ఎండాకాలంలో బోరు ఎండి ట్యాంకర్లు తెప్పిస్తే ఆ ఖర్చు? లిఫ్ట్ మోటర్ మారిస్తే ఫ్లాటుకు ఇంత అని వేసే ఒకేసారి వసూలు? "నెలవారీ" అన్న మాటలో అవి పడతాయని ఒకరు, పడవని ఒకరు అనొచ్చు. అది అస్పష్టం. ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఓనర్ అంకుల్ "పెద్ద ఖర్చులు నేనే చూసుకుంటా" అన్నారని మా ఆయనకు బాగా గుర్తు. ఆ మాట ఆధారంగా మార్కు మార్చలేం. మేం చూస్తున్నది కాగితాన్ని. రేపు ఇంటి వ్యవహారాలు ఆయన కొడుకు చూసుకున్నా చేతిలో ఉండేది అదే.

మేం మార్కులు వేసుకున్న షీటులో అడ్వాన్స్ గురించి ఎలా రాశామో అలాగే ఇస్తున్నాను:

అడ్వాన్స్ ఎంత, వడ్డీ ఉందా: ఉంది. క్లాజు 4, "వడ్డీ లేకుండా రూ. 66,000".
ఎప్పుడు తిరిగి ఇస్తారు: అస్పష్టం. క్లాజు 4, "ఖాళీ చేసిన పిదప". ఆ రోజా, నెల తర్వాతా?
ఏమేం పట్టుకోవచ్చు: అస్పష్టం. క్లాజు 4, "బకాయిలు, నష్టాలు". బిల్లు చూపాలని లేదు. క్లాజు 9లో పెయింటింగ్‌కు ఒక నెల కిరాయి. క్లాజు 11లో మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు కిరాయిదారు బాధ్యత లేదు.
ఫ్యాన్లు, గీజర్ వంటి సామాను జాబితా: లేదు. క్లాజు 12, "జతపరచిన షెడ్యూలు ప్రకారం". షెడ్యూలు జతపరచలేదు.

చివరిదాని మీద కాసేపు ఆలోచించాం. వాక్యం ఉంది కదా, అస్పష్టం అనాలా అని. అస్పష్టం అంటే రెండు జవాబులు ఉండాలి, ఇక్కడ ఒక్క జవాబూ లేదు. ఎన్ని ఫ్యాన్లు అన్న ప్రశ్నకు ఆ కాగితంలో ఏ జవాబూ రాదు. కాబట్టి లేదు. పెయింటింగ్ సంగతి వేరు. గోడలు రెండేళ్లలో మాసిపోవడం మామూలు అరుగుదలే అనుకుంటే క్లాజు 11 ప్రకారం మేం కట్టక్కర్లేదు. క్లాజు 9 చూస్తే కట్టాలి. పాత ఇంట్లో మా గొడవ సరిగ్గా ఇదే.

ఇంకో మాట. ఉంది అంటే బాగుంది అని కాదు. "అడ్వాన్స్‌కు వడ్డీ ఉండదు" అన్నది స్పష్టంగా ఉంది, అంతే. మంచిదా చెడ్డదా అన్నది వేరే లెక్క, దానికి షీటులో వేరే గడి పెట్టుకున్నాం. ఉంది అంటే నిజం అని కూడా కాదు. డ్రాఫ్ట్‌లో ఇంటి యజమానిగా అంకుల్ పేరు స్పష్టంగా ఉంది. ఆస్తి పన్ను రసీదు అడిగితే దాని మీద ఆంటీ పేరు కనిపించింది. ఎంత శ్రద్ధగా చదివినా కాగితంలోంచి అది బయటపడదు. ఆంటీ కూడా సంతకం చేయాలని విడిగా అడిగాం.

ఓనర్ దగ్గరికి షీటు మొత్తం పట్టుకెళ్లలేదు. లేదు, అస్పష్టం అని వచ్చినవే, ఒక్కోదానికీ మేం రాసిన వాక్యంతో సహా తీసుకెళ్లాం. "ఇది బాలేదు అంకుల్" అంటే వాదన మొదలవుతుంది. "అంకుల్, ఈ వాక్యం చదివి అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో ఇస్తారో చెప్పండి" అంటే ఆయనే చదివి, ఆయనే ఆగిపోయారు. "అవునమ్మా, ఇది నాకూ తెలుస్తలేదు" అన్నారు. తేదీని 30 ఏప్రిల్‌గా మార్చారు. పెంపు ఐదు శాతం అని ఒకే అంకె పెట్టారు. గడువు తర్వాత ఉంటే నోటీసు రెండు నెలలు అని చేర్చారు. అడ్వాన్స్‌లో 60,000 రూపాయలు మేం తాళాలు అప్పగించిన రోజే ఇస్తారు, చివరి కరెంటు బిల్లు కోసం ఆపిన 6,000 ముప్పై రోజుల్లో, పట్టుకున్న ప్రతిదానికీ బిల్లు చూపి ఇస్తారు. రిపేర్లలో ఒక్కోటి వెయ్యి రూపాయల వరకు మావి, ఆపైనవి, పైపులు, వైరింగ్, లీకేజీ ఆయనవి. పెయింటింగ్ మాత్రం వదల్లేదు. ఎంత కాలం ఉన్నా ఒక నెల కిరాయి తీసుకుంటానన్నారు, క్లాజు 11లో "పెయింటింగ్ మినహా" అని చేర్పించారు. మాకు నచ్చలేదు, కానీ ఇప్పుడు అది ఉంది. ఖాళీ చేసే రోజు ఎంత పోతుందో ఈరోజే తెలుసు.

ఇద్దరిలో ఎవరూ మధ్యలో తప్పుకోకూడని లాక్ ఇన్ గడువు ఆరు నెలలు, ఆ తర్వాత రెండు నెలల నోటీసు, నోటీసు ఇస్తే జప్తు లేదు అని కుదిరింది. మార్చిన డ్రాఫ్ట్ రాగానే మార్చిన చోట్లే కాకుండా మొత్తం మళ్లీ మొదటి నుంచి ప్రశ్నలతో చదివాం. చిన్నాన్న గట్టిగా చెప్పిన విషయమది. ఆరో క్లాజు అనుకున్నట్టే మారింది. రెండో క్లాజు చివర జప్తు తోక అలాగే ఉంది! టైప్ చేసినాయన చెప్పిన చోట మార్చి, చెప్పని చోట వదిలేశారు. ఆరో క్లాజు ఒక్కటే చూసి ఊరుకుని ఉంటే, అదే గొడవను కొత్త కాగితంలోకి మోసుకెళ్లేవాళ్లం. అది తీసేశాకే స్టాంపు పేపర్ మీద ప్రింట్ తీయించమన్నాం. ప్రింట్ అయ్యాక దిద్దుబాట్లు చేస్తే ప్రతి దిద్దుబాటు దగ్గరా అందరూ పొట్టి సంతకాలు పెట్టాలి, ఒక్కటి మర్చిపోయినా ఆ దిద్దుబాటు ఎప్పుడు చేశారన్న ప్రశ్న వస్తుంది.

చివరి షీటులో ఒక్క అస్పష్టం మిగిలింది. ట్యాంకర్ ఖర్చు నెలవారీ మెయింటెనెన్స్‌లో భాగమా కాదా అన్నది అసోసియేషన్ తేల్చాలని అంకుల్ పట్టుబట్టారు. లిఫ్ట్, బోరు వంటి ఒకేసారి ఖర్చులు తనవేనని రాసిచ్చారు. ట్యాంకర్లకు ఎండాకాలంలో నెలకు ఎంత పడుతుందో పక్క ఫ్లాట్ వాళ్లను అడిగి, ఆ మొత్తం మేమే కట్టాల్సి వచ్చినా భరించగలమని లెక్క చూసుకుని సంతకం చేశాం. సామాను జాబితా మాత్రం ఇంట్లో దిగే రోజు గది గదికీ తిరిగి రాశాం. ఐదు ఫ్యాన్లు, రెండు గీజర్లు, ఒక చిమ్నీ, వంటగదిలో పగిలిన టైల్ ఒకటి. ఆంటీ కూడా సంతకం పెట్టాక షెడ్యూలుగా అగ్రిమెంట్‌కు పిన్ చేశాం.